వారాంతానికి ఏడు ప్రయాణాలు

ఒకే అంశం మీద సినిమా మారథాన్ అంటే శుక్రవారం రాత్రి మొదలై ఆదివారం చీకటి పడేలోగా ముగిసే ఆరేడు సినిమాల వరస. ఒక హీరో సినిమాలో, ఒక దర్శకుడి సినిమాలో వరసపెట్టి చూసేటప్పుడు క్రమం గురించి పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. విడుదలైన సంవత్సరాలే ఒక వరస ఇచ్చేస్తాయి. అంశాన్ని పట్టుకుని ఎంచుకున్నప్పుడు ఆ సౌకర్యం ఉండదు. వేరు వేరు దేశాల్లో, వేరు వేరు కాలాల్లో, ఒకరికొకరు తెలియని మనుషులు తీసిన సినిమాలు అక్కడ పక్కపక్కన కూర్చుంటాయి. ఏ సినిమా తర్వాత ఏది వస్తుందన్న దాన్నిబట్టే రెండోది తేలిపోవడమో నిలబడడమో జరుగుతుంది. మంచి సినిమాలు ఏరుకోవడం వరకు అందరూ బాగానే చేస్తారు. మారథాన్లు చెడేది ఎక్కువగా వరస దగ్గరే.

దానికంటే ముందు అంశాన్ని కాస్త బిగించాలి. 'ప్రయాణం' అన్న మాట మరీ వదులు. రైలు కనిపించిన ప్రతి సినిమా, ఊరు విడిచిన ప్రతి హీరో అందులోకి వచ్చేస్తాడు. అంత వదులుగా ఉంటే మూడో సినిమాకల్లా ఇవన్నీ ఎందుకు కలిపి చూస్తున్నారో చూసేవాళ్లకే అర్థం కాదు. అదే అంశాన్ని 'ప్రయాణంలో తారసపడిన ముక్కూమొహం తెలియనివాళ్లు' అని ఒక మెట్టు దించితే పని మొదలవుతుంది. దారిలో కలిసిన మనిషి బయల్దేరిన మనిషిని ఏం చేస్తాడు? ప్రతి సినిమానూ ఈ ప్రశ్న అడగవచ్చు. ప్రతి సినిమా వేరే జవాబు చెబుతుంది. బిగింపు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక గుర్తుంది. ఇష్టమైన సినిమా ఒకదాన్ని ఈ అంశం బయటికి నెట్టగలగాలి. 2015లో వచ్చిన 'పీకూ'నే తీసుకుంటే, ఢిల్లీ నుంచి కోల్‌కతా దాకా కారు ప్రయాణం, అమితాబ్, దీపిక, ఇర్ఫాన్. చూడముచ్చటైన సినిమా. కానీ దాని ప్రాణం తండ్రీకూతుళ్ల మధ్య ఉంది, దారిలో కలిసినవాళ్ల దగ్గర లేదు. కనుక అది పక్కకి తప్పుకుంటుంది. దేన్నీ వదులుకోవలసిన పని పడలేదంటే అంశం ఇంకా వదులుగానే ఉన్నట్టు.

ఇలా వడకట్టగా మిగిలిన ఏడు సినిమాలను ఉదాహరణగా తీసుకుందాం. ఫ్రాంక్ కాప్రా తీసిన 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' (1934), సత్యజిత్ రాయ్ 'నాయక్' (1966), స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'డ్యుయల్' (1971), బ్రెజిల్ దర్శకుడు వాల్టర్ సాలెస్ 'సెంట్రల్ స్టేషన్' (1998), డేవిడ్ లించ్ 'ది స్ట్రెయిట్ స్టోరీ' (1999), శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006), క్రిష్ 'గమ్యం' (2008). బస్సు, రైలు, కారును తరిమే ట్రక్కు, మళ్లీ బస్సు, పచ్చిక కోసే యంత్రం, లాంచీ, మోటార్‌సైకిల్. బళ్లు మారినా ప్రశ్న మారదు.

చాలామంది చేసే మొదటి పని వీటిని సంవత్సరాల వారీగా పేర్చడం. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది, సినిమా చరిత్ర కూడా తెలుస్తుందనిపిస్తుంది. ఈ ఏడింటితో అలా పేరిస్తే ఏమవుతుందో చూద్దాం. మొదటి రెండూ నలుపు తెలుపు సినిమాలు, రెండూ మాటల మీద నడిచేవి, రెండిటికీ సబ్‌టైటిల్స్ చదవాలి. వారమంతా కంప్యూటర్ తెర చూసిన కళ్లతో శుక్రవారం రాత్రి మొదలుపెట్టేవాళ్లకి అది శ్రమే. నాలుగూ అయిదూ వరసగా వచ్చే 'సెంట్రల్ స్టేషన్', 'స్ట్రెయిట్ స్టోరీ' రెండూ వయసు మళ్లిన మనిషి సుదీర్ఘ ప్రయాణాలు, రెండూ కంటతడి పెట్టించేవే. రెండోది ఎంత మంచిదైనా మొదటిదాని నీడలో పడిపోతుంది. చివరి రెండూ తెలుగు సినిమాలు, రెండిట్లోనూ నాయిక కమలినీ ముఖర్జీయే. 'గోదావరి'లో సీతగా చూసిన ముఖాన్ని రెండు గంటల్లోపే 'గమ్యం'లో జానకిగా ఒప్పుకోమంటే మనసు ఒప్పుకోదు. ఇవేవీ సినిమాల తప్పులు కావు. ఏ సినిమానూ మార్చకుండా వరస మాత్రం మారిస్తే ఇవన్నీ పోతాయి.

వరస కుదర్చడానికి పనికొచ్చే సూత్రం ఒకటే. పక్కపక్కన ఉండే రెండు సినిమాలకు ఒక్క విషయం కలవాలి, రెండు విషయాలైనా బొత్తిగా వేరుగా ఉండాలి. ఒక్కటీ కలవకపోతే దారం తెగుతుంది. అన్నీ కలిస్తే రెండో సినిమా మొదటిదానికి నకలులా కనిపిస్తుంది. వేరుగా ఉండవలసినవి ఏమిటంటే వేగం, మాటల మోతాదు, రంగు, భాష, చివరికి మిగిల్చే భావం. వీటిలో అందరూ మరిచిపోయేది మాటల మోతాదు. ఒక సినిమాలో పాత్రలు ఆగకుండా వాదించుకుంటే, ఆ తర్వాతిది చూపుతో కథ చెప్పేదిగా ఉండాలి. చెవికీ సబ్‌టైటిల్స్ చదివే కంటికీ అదే విశ్రాంతి.

ఈ సూత్రంతో మొదట తేల్చవలసింది శుక్రవారం రాత్రి సంగతి. ఆ పూట వచ్చేవాళ్లు అలసిపోయి ఉంటారు, కొందరు ఆలస్యంగా వస్తారు, తిండీ కబుర్లూ సాగుతూ ఉంటాయి. అందుకని మొదటి సినిమా పొట్టిగా ఉండాలి, మొదటి పది నిమిషాల్లోనే పట్టుకోవాలి, మధ్యలో తల తిప్పినా కథ తప్పిపోకూడదు. 'డ్యుయల్' ఈ మూడిటికీ సరిపోతుంది. కాలిఫోర్నియా ఎడారి దారుల్లో ఎర్ర కారులో వెళ్తున్న ఒక మామూలు ఉద్యోగిని తుప్పు పట్టిన పెద్ద ట్యాంకర్ ట్రక్కు వెంటాడుతుంది. ఎందుకో తెలియదు. ట్రక్కు నడిపేవాడి చేయి, బూట్లు కనిపిస్తాయి కానీ ముఖం ఎప్పుడూ కనిపించదు. దారిలో కలిసిన అపరిచితుడు అన్న అంశాన్ని ఇంతకంటే సూటిగా మొదలుపెట్టడం కష్టం. ఇక్కడ అపరిచితుడంటే భయమే. తర్వాతి ఆరు సినిమాలూ ఆ భయాన్ని ఒక్కో పొర వలుచుకుంటూ పోతాయి.

'డ్యుయల్' విషయంలోనే ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ఇది మొదట అమెరికా టీవీ కోసం తీసిన సినిమా, నిడివి 74 నిమిషాలు. తర్వాత థియేటర్లలో వేయడానికి స్పీల్‌బర్గ్ కొన్ని దృశ్యాలు కలిపి దాన్ని 90 నిమిషాలు చేశాడు. చేతిలో ఉన్నది ఏదో ముందే చూసుకోకపోతే లెక్క పావుగంట అటూ ఇటూ అవుతుంది. పావుగంటతో కొంప మునగదు. కానీ మిలోష్ ఫోర్మన్ 'అమేడియస్' లాంటి సినిమాకి దర్శకుడి కూర్పులో దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. అలాంటివి రెండు పడితే ఒక పూట భోజనమే జరిగిపోతుంది. పోస్టరు మీద రాసిన నిడివిని నమ్మకుండా, వేయబోయే ఫైలునో డిస్కునో తెరిచి చివరి నిమిషం ఎక్కడుందో చూసి రాసుకోవాలి. అదే చేత్తో సబ్‌టైటిల్స్ మాటలతో కలుస్తున్నాయా లేదా అన్నది కూడా చూడాలి. మొదట్లో కాదు, సినిమా మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట చూడాలి. మొదట సరిగ్గా ఉండి పోనుపోను వెనకబడేవి చాలా ఉంటాయి.

శనివారం ఉదయానికి 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్'. గంటా ముప్పావు నిడివి. మాటల మీద నడిచే హాస్యం ఉదయమే చూడాలి, నిద్ర తీరిన మెదడు చమత్కారాలను వెంటనే అందుకుంటుంది. తండ్రి మీద కోపంతో పారిపోయిన కోటీశ్వరుడి కూతురు, ఉద్యోగం ఊడిన పత్రికా విలేకరి, మయామీ నుంచి న్యూయార్క్ వెళ్లే బస్సులో పక్కపక్క సీట్లు. ఇద్దరూ ఒకే గదిలో రాత్రి గడపవలసి వచ్చినప్పుడు మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే అన్న అయిదు ప్రధాన ఆస్కార్లనూ కలిపి గెలుచుకున్న మొదటి సినిమా ఇదే. మనవాళ్లకి ఈ కథ కొత్త కూడా కాదు. రాజ్ కపూర్, నర్గీస్ నటించిన 'చోరీ చోరీ' (1956) దీన్నుంచే పుట్టింది. 'డ్యుయల్' పక్కన దీనికి కలిసేది అమెరికా రోడ్డు, అంతే. అక్కడ మాటలు లేవు, ఇక్కడ మాటలే ఉన్నాయి. అక్కడ అపరిచితుడు చంపాలని చూస్తాడు, ఇక్కడ ఆకలేస్తే క్యారెట్ ఇస్తాడు.

శనివారం మధ్యాహ్నం మారథాన్ మొత్తంలో గడ్డు పూట. భోజనం చేసి, కాళ్లు చాపుకుని, తెర ముందు చీకట్లో కూర్చున్నవాళ్లకి నిద్ర రాకపోతేనే వింత. ఆ పూటకి సబ్‌టైటిల్స్ అక్కర్లేని, పాటలున్న, ఇంటర్వెల్ ఉన్న సినిమా కావాలి. ఈ జాబితాలో అలాంటివి రెండే ఉన్నాయి, 'గోదావరి', 'గమ్యం'. హాయిగా ఉంటుంది కదా అని మొదట 'గోదావరి' వైపే చెయ్యి పోతుంది. ఆగి చూస్తే అది పొరపాటు. 'గోదావరి'లో కూడా మాటామాటా అనుకునే ఇద్దరు ప్రయాణంలో దగ్గరవుతారు. ఉదయం బస్సులో చూసిన జగడాలాటే మధ్యాహ్నం లాంచీలో మళ్లీ చూసినట్టవుతుంది. చూసేవాళ్లు పోలికలు వెతుక్కుంటూ, రెండో సినిమాని దాని మానాన దాన్ని చూడరు. అందువల్ల శనివారం మధ్యాహ్నం 'గమ్యం' పడుతుంది.

'గమ్యం'లో శర్వానంద్ వేసిన అభిరామ్ డబ్బున్న కుర్రాడు. దూరమైన జానకిని వెతుక్కుంటూ మోటార్‌సైకిల్ మీద బయల్దేరతాడు. దారిలో కలిసే గాలి శీను, అల్లరి నరేష్ పాత్ర, బళ్లు కొట్టేసే దొంగ. ఉదయం చూసిన సినిమాతో కలిసే విషయం ఒక్కటే ఉంది. రెండిట్లోనూ డబ్బున్న మనిషికి లోకం తెలియదు, దారే నేర్పుతుంది. మిగిలినవన్నీ వేరు. ప్రేమికుల స్థానంలో స్నేహితులు, బస్సులో సీటు స్థానంలో ఎండా దుమ్మూ, గిల్లికజ్జాల హాస్యం స్థానంలో రెండో సగానికి బరువెక్కే కథ. దర్శకుడిగా క్రిష్‌కి ఇదే మొదటి సినిమా. నవ్వులతో మొదలై బరువుగా ముగుస్తుంది కనుక, దీని తర్వాత కనీసం గంటన్నర విరామం ఉండాలి. మంచి సినిమా అయిన వెంటనే ఇంకోటి పెడితే మొదటిదాని గురించి మాట్లాడుకునే తీరిక ఉండదు. ఆ మాటలు రెండో సినిమా నడుస్తుండగా బయటికొస్తాయి. మారథాన్‌లో మనుషులు సినిమా మధ్యలో మాట్లాడుకుంటున్నారంటే, చాలాసార్లు అది ముందు సినిమాకి దక్కని విరామం.

ఇంటర్వెల్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భారతీయ సినిమాలు చాలావరకు ఇంటర్వెల్‌ని లెక్కలో పెట్టుకునే రాస్తారు, అక్కడ ఆపితే కథే ఆపినట్టుంటుంది. టీ పెట్టుకోవచ్చు. 'డ్యుయల్' లాంటి సినిమాని సరిగ్గా మధ్యలో ఆపితే బిగించిన తాడు వదిలేసినట్టవుతుంది. కనుక తెలుగు సినిమాలకి మధ్యలో పదిహేను నిమిషాలు కలుపుకోవాలి, మిగిలినవాటికి ముందూ వెనకా ఖాళీ పెంచాలి.

శనివారం సాయంత్రం ఏడింటికి 'నాయక్'. వారాంతం మొత్తానికి ఇదే నడుమ స్తంభం. సుమారు రెండు గంటల సినిమా. బెంగాలీ సినిమా సూపర్‌స్టార్ అరిందమ్ ముఖర్జీ జాతీయ పురస్కారం అందుకోవడానికి కోల్‌కతా నుంచి ఢిల్లీకి రైల్లో వెళ్తుంటాడు. ఆ పాత్ర వేసింది నిజంగానే బెంగాలీ సూపర్‌స్టార్ ఉత్తమ్ కుమార్. ఆడవాళ్ల పత్రిక నడిపే అదితిగా షర్మిలా ఠాగూర్. భోజనాల పెట్టెలో ఆమె అడిగే ప్రశ్నలకి మొదట తప్పించుకున్న హీరో, రాత్రి గడిచేకొద్దీ ఎవరికీ చెప్పని విషయాలు చెప్పేస్తాడు. నోట్ల గుట్టల్లో కూరుకుపోయే అతని కల సినిమా చూసినవాళ్లు మరిచిపోరు. ఈ కథ ఏ నవలా కాదు, రాయ్ సినిమా కోసమే రాసుకున్నది. రైలు పెట్టె లోపలి భాగమంతా బన్సీ చంద్రగుప్త వేసిన సెట్టు. మధ్యాహ్నం ఆకాశం కింద తిరిగిన సినిమా చూశాక ఇక్కడ నాలుగు గోడల మధ్యకి వస్తాం. రంగు పోయి నలుపు తెలుపు వస్తుంది, తెలుగు పోయి బెంగాలీ వస్తుంది. కలిసేది ఒక్కటే. దారిలో కలిసిన మనిషి ముందు, ఇంట్లోవాళ్ల ముందు నోరు విప్పని మనిషి నోరు విప్పుతాడు. అపరిచితులతోనే ఎందుకలా మాట్లాడగలుగుతామన్నది ఈ అంశానికి గుండెకాయ లాంటి ప్రశ్న. అది వారాంతం నడిమధ్యన పడడం కాకతాళీయం కాకూడదు.

ఆ రాత్రి ఇంకో సినిమా వేయకూడదు. ఎనిమిదో సినిమా ఇరికించాలన్న ఉబలాటం ఇక్కడే వస్తుంది. ఉదాహరణకి హెన్రీ జార్జ్ క్లూజో 'ది వేజెస్ ఆఫ్ ఫియర్' (1953) అద్భుతమైన సినిమా. పేలుడు పదార్థం నింపిన ట్రక్కులు, నలుగురు డ్రైవర్లు. అది రెండున్నర గంటల ప్రాంతం నడుస్తుంది, పైగా రోడ్డు మీద ట్రక్కు పుట్టించే ఉత్కంఠ అన్న పనిని శుక్రవారమే 'డ్యుయల్' చేసేసింది. ఒక పనికి ఒక సినిమా చాలు. రాత్రి పన్నెండు దాటితే ఆదివారం ఉదయం సినిమా సగం ఖాళీ కుర్చీల ముందు ఆడుతుంది.

ఆదివారం ఉదయం 'ది స్ట్రెయిట్ స్టోరీ', 112 నిమిషాలు. ఏడింటిలోనూ అన్నిటికంటే నెమ్మదైనది ఇదే, అందుకే ఉదయం. నెమ్మదైన సినిమాని రాత్రికి పెట్టడం చాలామంది చేసే తప్పు. రాత్రి ప్రశాంతంగా ఉంటుందని అనుకుంటారు, నిజానికి ఆ ప్రశాంతత నిద్రకే ఉపయోగపడుతుంది. 1994లో నిజంగా జరిగిన సంగతి ఇది. డెబ్బై మూడేళ్ల ఆల్విన్ స్ట్రెయిట్ అన్నగారికి పక్షవాతం వచ్చిందని తెలుస్తుంది. పదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చూపు ఆనదు కనుక కారు లైసెన్సు లేదు. పచ్చిక కోసే యంత్రానికి ఒక తొట్టిబండి తగిలించుకుని అయోవా రాష్ట్రం నుంచి విస్కాన్సిన్‌కి, దాదాపు 390 కిలోమీటర్లు, వారాల తరబడి వెళ్తాడు. లించ్ ఆ అసలు దారి వెంటే, కథ జరిగిన వరసలోనే సినిమా తీశాడు. దారిలో కలిసేవాళ్లు ఒక్కొక్కరూ కాసేపే ఉంటారు. ఇల్లు విడిచి వచ్చిన గర్భిణి, సైకిళ్ల కుర్రాళ్లు, అతని యంత్రాన్ని సరిచేసే కవలలు, పాత యుద్ధాన్ని మోస్తున్న మరో ముసలాయన. ముందు రాత్రి రైల్లో ఒక్క మనిషే అన్నీ విన్నది. ఇక్కడ వినేవాళ్లు మారుతూ పోతారు. శుక్రవారం వెంటాడిన ట్రక్కుకి ఈ యంత్రం సరిగ్గా ఎదురు. అదే దేశం, అదే రోడ్డు, వేగం మాత్రం మనిషి నడక కంటే కాస్త ఎక్కువ. ఆ రెండూ ఒకదానికొకటి దూరంగా, వరసలో రెండు వైపులా ఉన్నందుకే ఆ ఎదురు తెలుస్తుంది. పక్కపక్కన పెడితే అది తమాషాగా మిగిలిపోయేది.

ఆదివారం మధ్యాహ్నానికి 'గోదావరి' వస్తుంది. ఇప్పుడు దాని చోటు దానికి దొరికింది. దీనికి ముందు కన్నీళ్లు పెట్టించిన ముసలాయన ఉన్నాడు, తర్వాత మళ్లీ మనసు కలచే సినిమా ఉంది. నడుమ రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ, పాటలు, పెళ్లివారు, తనలో తాను మాట్లాడుకునే కుక్క. పిల్లలు వచ్చి కూర్చునేది కూడా ఈ సినిమాకే. కమలినీ ముఖర్జీని 'గమ్యం'లో చూసి ఒక రాత్రి గడిచింది, నడుమ రెండు సినిమాలు వచ్చిపోయాయి, సీత పాత్ర కొత్తగానే కనిపిస్తుంది. బాపు-రమణల 'అందాల రాముడు' (1973) కూడా ఇదే నది మీద, ఇదే దారిన నడిచిన పడవ కథ. నాగేశ్వరరావు అభిమానులున్న ఇంట్లో దాన్నే వేసుకోవచ్చు, పెద్దవాళ్లు సంతోషిస్తారు కూడా. రెండూ కలిపి వేసుకోవడం మాత్రం ఈ వారాంతానికి నప్పదు. ఆ జంటకి వేరే రోజు కేటాయించాలి, అప్పుడు అంశం కూడా గోదావరే అవుతుంది.

చివరి సినిమా ఎంపికలో ఎక్కువమంది అన్నిటికంటే పెద్దదాన్నో, అన్నిటికంటే పేరున్నదాన్నో ఆదివారం సాయంత్రానికి దాస్తారు. అది అంత తెలివైన పని కాదు. అప్పటికి ఆరు సినిమాలు చూసిన కళ్లు ఆర్భాటాన్ని మోయలేవు. చివరిదానికి ఉండవలసిన లక్షణం వేరే ఉంది. ముందు చూసినవాటిని అది వెనక్కి తిరిగి పలకరించగలగాలి. 'సెంట్రల్ స్టేషన్' ఆ పని చేస్తుంది. రియో నగరపు రైల్వే స్టేషన్లో చదువురానివాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టి డబ్బులు తీసుకునే డోరా, ఒకప్పుడు పంతులమ్మ. రాసిన ఉత్తరాలు అన్నీ పోస్టు చేయదు కూడా. ఉత్తరం రాయించుకున్న ఒకామె స్టేషన్ బయటే బస్సు కింద పడి చనిపోతుంది. మిగిలిపోయిన తొమ్మిదేళ్ల కుర్రాడు జొజూయేని తీసుకుని, ఎన్నడూ చూడని అతని తండ్రిని వెతుక్కుంటూ బ్రెజిల్ ఈశాన్యానికి బయల్దేరుతుంది. బస్సు ఉంది, ట్రక్కు ఉంది, ముసలితనం ఉంది, పొమ్మని తోసేసిన మనిషే తోడు కావడం ఉంది. వారాంతమంతా చూసినవి ఒక్కొక్కటే తొంగిచూస్తాయి. ఆ కుర్రాడిగా వేసిన విన్సియస్ ది ఒలివేరా అంతకుముందు బూట్లు పాలిష్ చేసుకునే పిల్లవాడు. డోరాగా ఫెర్నాండా మోంటెనెగ్రో నటన ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, సినిమా బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది. గంటా యాభై నిమిషాల సినిమా కనుక సాయంత్రం అయిదున్నరకి మొదలైతే ఏడున్నరలోపు అయిపోతుంది. సోమవారం పనికి వెళ్లేవాళ్లకి మాట్లాడుకుంటూ అన్నం తినడానికి తీరిక మిగులుతుంది.

ఏడూ కలిపితే పదమూడున్నర గంటలకు అటూ ఇటూగా సినిమా. రెండు పగళ్లు, రెండు సాయంత్రాలు, ఒక రాత్రిపూటలో ఇది సుఖంగా పడుతుంది. రోజుకి మూడు దాటితే మాత్రం మూడో సినిమా కథ నాలుగోదానితో కలిసిపోతుంది. కలిసిపోవడం మొదలైందని తెలుసుకోవడం కష్టం కాదు. ఎవరైనా ఇంకా ఎంతసేపుందని అడిగారంటే సినిమా తప్పు కావచ్చు. ముగ్గురు అడిగారంటే వరస తప్పు. ఫోన్లు వెలిగాయంటే విరామం ఇచ్చే వేళ దాటిపోయింది. పాత్ర పేరు చెప్పబోయి ముందు సినిమాలో పేరు చెబుతుంటే, ఆ రెండు సినిమాలూ మరీ దగ్గర పోలికతో పక్కపక్కన పడ్డాయి.

ఎంత పక్కాగా వేసుకున్నా ఆదివారం మధ్యాహ్నానికి ఒక గంట ఆలస్యం కావడం మామూలే. అలాంటప్పుడు చాలామంది చివరి సినిమాని వదిలేస్తారు. వదలవలసింది దాన్ని కాదు, దానికి ముందుదాన్ని. అందుకే ఒక పొట్టి సినిమా చేతిలో ఉంచుకోవాలి. ఈ అంశానికి అబ్బాస్ కియరోస్తామీ 'వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్' (1987) అచ్చంగా సరిపోతుంది, 83 నిమిషాలే. పొరపాటున తన సంచిలోకి వచ్చిన స్నేహితుడి నోటుపుస్తకం ఇచ్చేయడానికి ఒక చిన్న కుర్రాడు పక్క ఊరు వెళ్లి కనిపించినవాళ్లందరినీ దారి అడుగుతాడు. ఇరాన్ పల్లెలో పెద్దవాళ్లెవరూ అతని మాట వినిపించుకోరు. 'గోదావరి' బదులు ఇది వేస్తే గంటకు పైగా మిగులుతుంది. అప్పుడు పాటలు పోతాయి, మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చే ప్రమాదం పెరుగుతుంది, వరసగా రెండు సినిమాలకి చిన్న కుర్రాళ్లే నడుమ ఉంటారు. అయినా ఫర్వాలేదు, ఒక కుర్రాడు ఒంటరిగా నడుస్తాడు, ఇంకో కుర్రాడికి తోడు దొరుకుతుంది.

అంశం మారితే ఉచ్చులు కూడా మారతాయి. తిండి మీద వారాంతం వేసుకుంటే సినిమాలన్నీ పెద్ద విందుతో ముగియాలని చూస్తాయి. డెన్మార్క్ సినిమా 'బాబెట్స్ ఫీస్ట్' (1987) అంతా ఒక్క విందు వైపే నడుస్తుంది. కనుక దాని పక్కన తిండి ఉండి విందు లేని సినిమా కావాలి. ముంబై డబ్బావాలాల పొరపాటుతో ఇద్దరు ఒంటరివాళ్లు ఉత్తరాలు రాసుకునే 'ది లంచ్‌బాక్స్' (2013) అలాంటిది. రామెన్ కొట్టు నడిపే ఆవిడ కథ చెప్పే జపాన్ సినిమా 'టాంపోపో' (1985) అల్లరిగా ఉంటుంది, ఆ రెండిటి బరువునీ తీస్తుంది. ఈ అంశంలో భోజన వేళల్ని సినిమాలకి తగ్గట్టు మార్చుకోవాలి. ఖాళీ కడుపుతో 'టాంపోపో' చూడడం శిక్షే. పోటీ, పగ అన్న అంశానికి ఉచ్చు ఇంకోటి. ప్రతి సినిమా చివరి ఘట్టంలో ఇద్దరూ ముఖాముఖీ తలపడతారు, మూడోసారికి గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంది. అక్కడ పోటీ తీరు మారుతూ ఉండాలి. రిడ్లీ స్కాట్ 'ది డ్యుయలిస్ట్స్' (1977)లో ఇద్దరు సైనికాధికారులు ఏళ్ల తరబడి ఒకరినొకరు సవాలు చేసుకుంటారు. 'అమేడియస్' (1984)లో పోటీ ఉందన్న సంగతే మొజార్ట్‌కి తెలియదు, సాలియెరీ ఒక్కడే లోలోపల పోరాడుతుంటాడు. ఈ రెండూ పక్కపక్కన ఉంటే మొదటిది కత్తులతో చెప్పిన మాటని రెండోది కత్తి తీయకుండా చెబుతుంది.